ప్లేట్‌లెట్లు పన్నెండు వేలు: ఎక్కించాలా, ఆగాలా?

ఐటీపీ, టీటీపీ. పేర్లలో తేడా ఒక్క అక్షరమే. రెండింటిలోనూ రక్తంలో ప్లేట్‌లెట్లు దారుణంగా పడిపోతాయి, రెండింటికీ మూలం శరీరం తన మీద తానే తిరగబడడమే. సీబీపీ రిపోర్టులో ప్లేట్‌లెట్ల వరసకు ఎదురుగా పన్నెండు వేలు అన్న అంకె రెండు జబ్బుల్లోనూ కనిపించవచ్చు. ఆరోగ్యవంతుల్లో అదే అంకె లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల మధ్య ఉంటుంది. ఏటా వచ్చే డెంగీ సీజను పుణ్యమా అని తెలుగు ఇళ్లలో ఈ లెక్క తెలియనివారు లేరు. అంకె పడిపోయిందనగానే దాతల కోసం ఫోన్లు మొదలవుతాయి, ‘ఎక్కించరేం’ అని డాక్టరు మీద ఒత్తిడి పెరుగుతుంది. డెంగీలోనే ఆ తొందర చాలాసార్లు అనవసరం. టీటీపీలో అయితే ప్రమాదం కూడా కావచ్చు. ఐటీపీలో ప్రమాదం పెద్దగా ఉండదు, కానీ ఎక్కించినవి నిలవవు. ఒకే అంకెకు రెండు రకాల జవాబు ఎందుకన్నది తెలియాలంటే ముందు ఆ ప్లేట్‌లెట్లు ఎక్కడికి పోతున్నాయో చూడాలి.

ఐటీపీ పూర్తి పేరు ఇమ్యూన్ థ్రాంబోసైటోపీనియా. ఇక్కడ ప్లేట్‌లెట్లే శత్రువులైపోతాయి. రోగనిరోధక వ్యవస్థ ప్లేట్‌లెట్ పైపొర మీది ప్రోటీన్లకు యాంటీబాడీలు తయారుచేస్తుంది. యాంటీబాడీ అంటుకున్న ప్లేట్‌లెట్ నొసట గుర్తు పడినట్టే. అది ప్లీహం గుండా వెళ్లేటప్పుడు అక్కడ కాపలా ఉండే మాక్రోఫేజ్‌లు ఆ గుర్తును పట్టుకుని దాన్ని మింగేస్తాయి. మామూలుగా వారం పది రోజులు బతకాల్సిన ప్లేట్‌లెట్ ఈ జబ్బు తీవ్రంగా ఉన్నవారిలో కొన్ని గంటలకే మాయమవుతుంది. పైగా అవే యాంటీబాడీలు ఎముక మూలుగలో ప్లేట్‌లెట్లను తయారుచేసే పెద్ద కణాల మీద కూడా పడతాయి కాబట్టి కొత్తవి పుట్టడం కూడా తగ్గుతుంది. ఖర్చు పెరిగి, రాబడి తగ్గిన ఇల్లు లాంటిది.

ఈ సంగతి బయటపడిన తీరు ఇప్పటి నైతిక కమిటీలు వింటే ఉలిక్కిపడేలా ఉంటుంది. 1950లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో విలియం హారింగ్టన్ అనే యువ డాక్టరు ఐటీపీ ఉన్న ఒక స్త్రీ రక్తాన్ని దాదాపు అర లీటరు తనకు తానే ఎక్కించుకున్నాడు. కొద్ది గంటల్లోనే ఆయన ప్లేట్‌లెట్లు అడుగంటాయి, ఫిట్స్ వచ్చాయి, ఒంటి మీద మచ్చలు లేచాయి. కొన్ని రోజులకు అంకె మళ్లీ మామూలుకు వచ్చింది. ఆయన మూలుగలో ఏ లోపమూ లేదు, ప్లీహం ఆరోగ్యంగా ఉంది. అంటే ప్లేట్‌లెట్లను నాశనం చేస్తున్నదేదో రోగి ప్లాస్మాలోనే ఉందన్నమాట. అదే యాంటీబాడీ అని తర్వాత తేలింది. ఈ ప్రయోగం మరో విషయాన్ని కూడా ఆనాడే చెప్పేసింది: ఆరోగ్యవంతుడి ప్లేట్‌లెట్లు కూడా ఆ ప్లాస్మాలో బతకలేవు. దాత దగ్గర నుంచి తెచ్చి ఎక్కించినవాటి గతి కూడా అంతే.

టీటీపీ, అంటే థ్రాంబాటిక్ థ్రాంబోసైటోపీనిక్ పర్ప్యురా, కథ వేరు. ఇందులో ప్లేట్‌లెట్ల మీద దాడి జరగదు. దాడి జరిగేది ఒక ఎంజైము మీద. రక్తనాళాల లోపలి పొర నుంచి వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రోటీను రక్తంలోకి విడుదలవుతుంది. నాళం చిట్లినచోట ప్లేట్‌లెట్లు అతుక్కోవడానికి జిగురులా పనికొచ్చేది ఇదే. అయితే అది బయటికొచ్చేటప్పుడు చాలా పొడవైన దారాల రూపంలో వస్తుంది. ఆ దారాలు అంత పొడవుతో రక్తంలో తిరిగితే గాయం లేకపోయినా ప్లేట్‌లెట్లు వాటికి చిక్కుకుపోతాయి. అందుకే ప్రకృతి ఒక కత్తెరను పెట్టింది. దాని పేరు అడామ్స్-13. ఎక్కువగా కాలేయంలో తయారయ్యే ఈ ఎంజైము, రక్త ప్రవాహం లాగుడుకు దారం సాగగానే దాన్ని ఒక నిర్దిష్టమైన చోట తెంపి పొట్టి ముక్కలు చేస్తుంది. పెద్దల్లో వచ్చే టీటీపీలో ఎక్కువమందికి ఈ కత్తెరకు వ్యతిరేకంగా యాంటీబాడీలు పుడతాయి. కొద్దిమంది పుట్టుకతోనే దాని జన్యువులో లోపంతో ఉంటారు.

కత్తెర పనిచేయకపోతే దారాలు దారాలుగానే మిగులుతాయి. మెదడు, గుండె, మూత్రపిండాల్లోని అతి సన్నని నాళాల్లో అవి వలలా పరుచుకుంటాయి. ఆ వలలో ప్లేట్‌లెట్లు గుంపులు గుంపులుగా ఇరుక్కుని చిన్న చిన్న గడ్డలు కడతాయి. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు తక్కువగా కనిపించడానికి కారణం అవి చనిపోవడం కాదు, గడ్డల్లో ఖర్చయిపోవడం. ఈ గడ్డలను మొదట చూసినవాడు న్యూయార్క్ డాక్టరు ఎలీ మాష్కోవిట్జ్. 1924లో పదహారేళ్ల అమ్మాయి జ్వరం, పాలిపోవడం, పక్షవాతంతో కొద్ది రోజుల్లోనే చనిపోతే, పోస్టుమార్టంలో ఆమె సన్నని నాళాలు గడ్డలతో మూసుకుపోయి కనిపించాయి. అసలు కారణం మాత్రం చాలా ఆలస్యంగా అందింది. 1982లో పొడవాటి దారాలు, 1996లో వాటిని తెంపే ఎంజైము, 2001లో ఆ ఎంజైము జన్యువు, పేరు బయటపడ్డాయి. మధ్యలోని దశాబ్దాల్లో వైద్యం కారణం తెలియకుండానే, తడుముకుంటూ సాగింది.

ఇప్పుడు ఒకే రాత్రి ఒకే ఆసుపత్రికి వచ్చిన ఇద్దరు స్త్రీలను అనుకుందాం. ఇద్దరూ కల్పితమే. అంకెలు మాత్రం ఈ జబ్బుల్లో మామూలుగా కనిపించేవే. మొదటామె వయసు ఇరవై ఆరు. కాళ్ల మీద గుండుసూది మొనంత ఎర్రచుక్కలు, చిగుళ్లలోంచి కాస్త రక్తం, ఈసారి నెలసరి ఎక్కువ. అంతకు మించి ఏమీ లేదు, నడిచే వచ్చింది. రెండో ఆమెకు ముప్ఫై నాలుగు. రెండు రోజులుగా తలనొప్పి, నీరసం, ఆ సాయంత్రం కాసేపు మాట తడబడి సర్దుకుంది. కళ్లు కొద్దిగా పచ్చగా ఉన్నాయి. చేతి మీద ఒకటి రెండు కమిలిన మచ్చలు తప్ప ఎక్కడా రక్తం కారడం లేదు. ఇద్దరి ప్లేట్‌లెట్లూ పన్నెండు వేలే.

మెషీను ఇచ్చిన అంకె ఇక్కడ ఆగిపోతుంది. తర్వాతి మాట చెప్పాల్సింది స్మియర్. ఒక గాజుపలక మీద రక్తపు చుక్క వేసి, ఇంకో పలక అంచుతో పల్చగా లాగి, ఆరబెట్టి, లీష్మన్ రంగుతో తడిపి, నూనె చుక్క వేసి మైక్రోస్కోపు వందరెట్ల కటకం కింద చూసే పాత పద్ధతి ఇది. ఇందులో ముందు తేల్చాల్సింది అసలు ప్లేట్‌లెట్లు నిజంగా తక్కువున్నాయా అని. రక్తం గడ్డకట్టకుండా గొట్టంలో వేసే ఈడీటీఏ అనే రసాయనం కొందరి ప్లేట్‌లెట్లను గుంపులుగా అతికిస్తుంది. మెషీను ఆ గుంపులను లెక్కపెట్టలేక ఉత్తుత్తి తక్కువ చూపుతుంది. పలక చివర ఆ గుంపులు కనిపిస్తే జబ్బూ లేదు, ఏమీ లేదు. నీలం మూత సిట్రేట్ గొట్టంలో మళ్లీ తీసి చూస్తే సరిపోతుంది. ఒక్క గాజుపలక చూసుకోనందువల్ల అనవసరంగా స్టెరాయిడ్లు మింగినవాళ్లు ఉన్నారు.

మొదటామె పలకలో గుంపులు లేవు. నూనె కటకం కింద నాలుగైదు చోట్లు వెతికితే గానీ ఒక ప్లేట్‌లెట్ కనిపించడం లేదు. కనిపించిన వాటిలో కొన్ని పెద్దవి, ఒకటి రెండు దాదాపు ఎర్రకణమంత ఉన్నాయి. పోయిన వాటి బదులు మూలుగ హడావుడిగా పంపిన కొత్త సరుకు అది. మిగతా చిత్రం ప్రశాంతంగా ఉంది. ఎర్రకణాలు గుండ్రంగా, మధ్యలో లేతగా, ఉండాల్సిన తీరులోనే ఉన్నాయి. తెల్లకణాల్లో పచ్చికణాలేవీ లేవు. హిమోగ్లోబిన్ 11.9. ఒక్క ప్లేట్‌లెట్లు తప్ప అన్నీ సవ్యంగా ఉండడమే ఐటీపీ ముద్ర. నిజానికి ఇది తీసివేతల ద్వారా చేసే నిర్ధారణ: హెచ్‌ఐవీ లేదు, హెపటైటిస్-సి లేదు, మందుల వల్ల కాదు, మూలుగ జబ్బు కాదు, ఇక మిగిలింది ఐటీపీ. యాంటీబాడీ పరీక్షలున్నా వాటి మీద ఎవరూ పెద్దగా ఆధారపడరు, ఎందుకంటే జబ్బున్నవారిలో కూడా చాలామందికి అవి కనబడవు.

రెండో ఆమె పలక చూడగానే వాతావరణం మారిపోతుంది. ప్లేట్‌లెట్లు ఇక్కడా తక్కువే. కానీ ఎర్రకణాల మధ్య విరిగిన తునకలు ఉన్నాయి. ఒకటి హెల్మెట్‌లా సగానికి తెగినట్టు, ఒకటి మూడు మూలల ముక్కలా, ఒకటి రెండు కొమ్ములతో. వీటిని షిస్టోసైట్లు అంటారు. వలలా అడ్డుపడిన గడ్డల మధ్య నుంచి ఒత్తిడితో దూరుకుని వెళ్లేటప్పుడు ఎర్రకణం చీలిపోతుంది. చీలిన ముక్క మళ్లీ మూసుకుని అలా తిరుగుతుంది. వంద ఎర్రకణాల్లో ఒకటికి మించి ఇలాంటి తునకలుంటే సన్నని నాళాల్లో గడ్డలున్నట్టు గట్టిగా అనుమానించాలి. తునకలతో పాటు పెద్దవిగా, నీలిరంగు ఛాయతో కొత్త ఎర్రకణాలు కూడా ఉన్నాయి, నష్టాన్ని పూడ్చడానికి మూలుగ చేస్తున్న ప్రయత్నం. లాబ్ రిపోర్టులు అదే మాట చెబుతున్నాయి: హిమోగ్లోబిన్ 7.8, ఎల్‌డీహెచ్ 1,450, కొత్త ఎర్రకణాలు 9 శాతం, బిలిరుబిన్ 2.6. కూంబ్స్ పరీక్ష నెగెటివ్, అంటే ఎర్రకణాల మీద యాంటీబాడీలు లేవు, అవి యాంత్రికంగానే చితుకుతున్నాయి. రక్తం గడ్డకట్టే సమయాన్ని చెప్పే ఐఎన్ఆర్ 1.1, మామూలే. ఒళ్లంతా ఇన్‌ఫెక్షన్ పాకినప్పుడు వచ్చే డీఐసీలో కూడా తునకలు కనిపిస్తాయి, కానీ అందులో ఐఎన్ఆర్ పెరుగుతుంది. ఆ తేడా ఇక్కడ చాలా విలువైనది.

తునకలు కనిపించిన ప్రతిసారీ టీటీపీ అనుకోవడం కూడా పొరపాటే. మన దగ్గర తరచూ మోసం చేసేది బి-12 విటమిన్ లోపం. లోపం ముదిరినప్పుడు ఎల్‌డీహెచ్ వేలల్లోకి పోతుంది, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, పలకలో తునకలు కూడా ఉంటాయి. అయితే ఆ రోగుల్లో ఎర్రకణాలు మామూలు కంటే పెద్దవిగా ఉంటాయి, న్యూట్రోఫిల్స్ కేంద్రకానికి అయిదారు తమ్మెలుంటాయి, అన్నిటికంటే ముఖ్యంగా కొత్త ఎర్రకణాల శాతం పెరగదు. ముడిసరుకే లేని మూలుగ కొత్తవి ఎక్కడి నుంచి పంపుతుంది? ఒక ఇంజక్షన్‌తో తగ్గే జబ్బుకు ప్లాస్మా మార్పిడి చేయకుండా ఆపేది ఈ ఒక్క గమనికే. దీనికి తలకిందులు పొరపాటు కూడా జరుగుతుంది. టీటీపీ మొదటి ఒకటి రెండు రోజుల్లో తునకలు చాలా అరుదుగా ఉండవచ్చు, అప్పుడు ఐటీపీ అని రాసేస్తారు. అందుకే హిమోగ్లోబిన్ తగ్గుతూ, ఎల్‌డీహెచ్ పెరుగుతూ ఉంటే మర్నాడు మళ్లీ కొత్త పలక వేసి చూడాలి.

రెండో ఆమెకు అడామ్స్-13 పరీక్ష చేస్తే విషయం తేలిపోతుంది. పది శాతం కంటే తక్కువ ఉంటే టీటీపీ ఖాయం. చిక్కేమిటంటే, చాలాచోట్ల ఆ రిపోర్టు రావడానికి రోజులు పడుతుంది. జబ్బు అంత సమయం ఇవ్వదు. వైద్యం లేని రోజుల్లో ఈ జబ్బు వచ్చిన పదిమందిలో తొమ్మిదిమంది చనిపోయేవారు. కాబట్టి నమూనా తీసి పంపి, రిపోర్టు కోసం ఆగకుండా వైద్యం మొదలుపెడతారు. నమూనా మాత్రం ప్లాస్మా ఎక్కించక ముందే తీయాలి, లేకపోతే దాత ప్లాస్మాలోని ఎంజైము లెక్కను చెడగొడుతుంది. ఆ మధ్య కాలానికి ఊతంగా ప్లాస్మిక్ స్కోరు అనే ఏడు ప్రశ్నల చిట్టీ ఉంది. ప్లేట్‌లెట్లు ముప్ఫై వేల లోపా, ఎర్రకణాలు చితుకుతున్నాయా, క్యాన్సర్ లేదు కదా, అవయవ లేదా మూలుగ మార్పిడి జరగలేదు కదా, ఎర్రకణాల సైజు 90 లోపా, ఐఎన్ఆర్ 1.5 లోపా, క్రియాటినిన్ 2 లోపా అని అడుగుతుంది. ఈమెకు సైజు 86, క్రియాటినిన్ 1.1, మిగతావన్నీ సరిపోయాయి. ఏడుకు ఏడు. ఆరు, అంతకు మించి వస్తే టీటీపీ అనుకుని నడవమంటారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. బంధువులు దాతను తెచ్చారు, ఒక ఎస్‌డీపీ సంచి సిద్ధంగా ఉంది. ఒకే దాత నుంచి తీసిన ఆ సంచిలో సుమారు ముప్ఫై వేల కోట్ల ప్లేట్‌లెట్లుంటాయి. మూలుగ పనిచేయని రోగికి అది ఎక్కిస్తే అంకె ముప్ఫై నుంచి యాభై వేల దాకా పెరిగి, రెండు మూడు రోజులు నిలుస్తుంది.

మొదటామెకు ఎక్కిస్తే ఏమవుతుంది? దాత ప్లేట్‌లెట్ల మీద కూడా అవే ప్రోటీన్లుంటాయి కాబట్టి యాంటీబాడీలు వాటికీ అంటుకుంటాయి. గంట తర్వాత చూస్తే అంకె కొంచెం పెరిగినట్టు ఉంటుంది, తెల్లారేసరికి మళ్లీ మొదటికి వస్తుంది. చిల్లికుండలో నీళ్లు పోసినట్టు. అందుకని చిగుళ్ల రక్తానికి, చర్మం మీది చుక్కలకు ప్లేట్‌లెట్లు ఎక్కించరు. కానీ ఐటీపీ రోగికి మెదడులో రక్తస్రావం అయితే, పేగుల్లోంచి ఆగకుండా కారుతుంటే, అప్పుడు లెక్క మారుతుంది. కొన్ని గంటల సాయం కూడా ప్రాణం నిలబెట్టవచ్చు. అప్పుడు సంచుల మీద సంచులు, వాటితో పాటు శిరలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్, పెద్ద మోతాదు స్టెరాయిడ్లు ఇస్తారు. ఇమ్యునోగ్లోబ్యులిన్ మాక్రోఫేజ్‌ల నోళ్లను కట్టేస్తుంది కాబట్టి ఎక్కించినవి కూడా కాస్త ఎక్కువసేపు బతుకుతాయి. చిల్లి పూడ్చుతూ నీళ్లు పోయడం అన్నమాట.

రెండో ఆమెకు అదే సంచి ఎక్కిస్తే? అక్కడ కుండకు చిల్లి లేదు. సన్నని నాళాల నిండా పరుచుకున్న దారాలు ప్లేట్‌లెట్ల కోసమే ఎదురుచూస్తున్నాయి. వచ్చిన ప్రతి ప్లేట్‌లెట్ కొత్త గడ్డకు ఇటుక అవుతుంది. గంట క్రితం మాట తడబడి సర్దుకున్న మెదడులో ఈసారి ఆ నాళం పూర్తిగా మూసుకుపోవచ్చు. ప్లేట్‌లెట్లు ఎక్కించిన కొద్ది గంటల్లోనే రోగి స్పృహ కోల్పోయిన, గుండెపోటు వచ్చిన సంఘటనలు పాత వైద్య రచనల్లో ఉన్నాయి. అయితే ఇది ఎంత ఖాయం అన్నదాని మీద వాదన సాగింది. ఓక్లహోమా రాష్ట్రంలోని టీటీపీ రోగుల రికార్డులను పరిశీలించి 2009లో ప్రచురించిన వ్యాసం హాని స్పష్టంగా తేలలేదని చెప్పింది. 2015లో అమెరికా ఆసుపత్రుల పెద్ద రికార్డుల విశ్లేషణ వచ్చింది. టీటీపీలో ప్లేట్‌లెట్లు ఎక్కించినవారిలో ధమనుల్లో గడ్డలు, మరణాలు ఎక్కువని, ఐటీపీలో అలాంటి తేడా లేదని అది చూపించింది. బాగా జబ్బుగా ఉన్నవారికే ఎక్కువగా ఎక్కించి ఉండవచ్చు కాబట్టి దాన్ని కూడా తిరుగులేని రుజువు అనలేము. అయినా నాళాల్లో ఏం జరుగుతోందో తెలిశాక, అంకె ఒక్కటే చూసి ఆ సంచి తగిలించడానికి సమర్థన దొరకదు. ప్రాణం మీదికి తెచ్చే రక్తస్రావం ఉంటేనే, అదీ ప్లాస్మా మార్పిడి మొదలయ్యాకనే దాని గురించి ఆలోచిస్తారు. మెడ దగ్గరి శిరలో గొట్టం పెట్టడం లాంటి పనికి కూడా అనుభవం ఉన్నవారు అల్ట్రాసౌండ్ సాయంతో ప్లేట్‌లెట్లు ఎక్కించకుండానే వెళ్తారు.

ఆమెకు కావలసింది ప్లేట్‌లెట్లు కాదు, కత్తెర. అది దాత ప్లాస్మాలో ఉంటుంది. ప్లాస్మా మార్పిడి మెషీను ఆమె రక్తాన్ని తీసుకుని, యాంటీబాడీలు, పొడవాటి దారాలు ఉన్న ప్లాస్మాను పక్కకు తీసేసి, కణాలకు దాతల ప్లాస్మాను కలిపి తిరిగి పంపుతుంది. ఆమె బరువు అరవై కిలోలు, కిలోకు సుమారు నలభై మిల్లీలీటర్ల లెక్కన ఆమె ప్లాస్మా 2.4 లీటర్లు. మొదటి రోజుల్లో దానికి ఒకటిన్నర రెట్లు మారుస్తారు, అంటే 3.6 లీటర్లు. ఒక్కో ఎఫ్‌ఎఫ్‌పీ సంచిలో 200 మిల్లీలీటర్లనుకుంటే రోజుకు పద్ధెనిమిది సంచులు. ఆ రాత్రి బంధువులు దాతల కోసం పరుగెత్తాల్సింది ఉంటే, అది దీనికోసం. మెషీను సిద్ధం కావడానికి ఆలస్యమైతే ఆలోపు ప్లాస్మా మామూలుగా ఎక్కిస్తారు, అది ఉత్త తాత్కాలిక ఊరట. 1991లో కెనడాలో జరిగిన పరిశోధనలో ఆరు నెలల తర్వాత బతికి ఉన్నవారు మార్పిడి చేసినవారిలో 78 శాతం, ప్లాస్మా కేవలం ఎక్కించినవారిలో 63 శాతం. దీనికి తోడు యాంటీబాడీల తయారీని అణచడానికి స్టెరాయిడ్లు, రిటక్సిమాబ్ ఇస్తారు. ఒంటె జాతి జంతువుల్లో ఉండే చిన్న యాంటీబాడీల నమూనాలో తయారైన కాప్లాసిజుమాబ్ అనే మందు, దారానికి ప్లేట్‌లెట్ అతుక్కునే చోటునే మూసేస్తుంది. ఐరోపాలో 2018లో, అమెరికాలో 2019లో దానికి అనుమతి వచ్చింది.

మొదటామెకు నాలుగు రోజుల పాటు రోజుకు నలభై మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ మాత్రలు ఇచ్చి గమనిస్తారు. వారం తర్వాత ఆమె అంకె నలభై ఆరు వేలు, కొత్త చుక్కలు లేవు. లక్షన్నర దాకా లాగాలన్న పట్టుదల ఎవరికీ ఉండదు, రక్తం కారకుండా ముప్ఫై వేల పైన నిలిస్తే చాలామందికి మందు కూడా అక్కర్లేదు. రెండో ఆమెకు మూడో మార్పిడి తర్వాత ప్లేట్‌లెట్లు ఒక్కటీ ఎక్కించకుండానే యాభై ఎనిమిది వేలకు చేరాయి, ఎల్‌డీహెచ్ సగానికి తగ్గింది, మాట మళ్లీ తడబడలేదు. లక్షన్నర దాటి వరసగా రెండు రోజులు నిలిచేదాకా రోజూ మార్పిడి సాగుతుంది. ఐదో రోజున అడామ్స్-13 రిపోర్టు వచ్చింది: 3 శాతం. అంకెలన్నీ సర్దుకుని ఇంటికి వెళ్లాక కూడా ఆమె ఆ ఒక్క పరీక్షను మొదట్లో నెలనెలా, తర్వాత కొన్ని నెలలకోసారి చేయించుకుంటూ ఉండాలి, ఎందుకంటే జబ్బు తిరగబెట్టేటప్పుడు ప్లేట్‌లెట్ల కంటే ముందు పడిపోయేది అదే.